సరిసమానంగా పంచితే సమర్థం కాదట, మార్కెట్ పంచితే సమర్థమట. మరి రమకు తగ్గిందేం?

సాత్విక

అందరికీ నమస్కారం. డిగ్రీలో మైక్రో ఎకనామిక్స్ చదువుతున్నాను. ఎడ్జ్‌వర్త్ పెట్టె మీద ఒక లెక్క చేశాను. జవాబు వచ్చింది గానీ దాని అర్థం తలకెక్కడం లేదు.

రమ, గోపి అని ఇద్దరు మనుషులు. వస్తువులు రెండే, x, y. ఇద్దరి దగ్గరా కలిపి 12 x, 12 y ఉన్నాయి. రమ ప్రయోజనం xy. గోపి ప్రయోజనం x²y, అంటే అతనికి x మీద మక్కువ ఎక్కువ. మొదట్లో రమ దగ్గర 2 x, 9 y ఉన్నాయి. మిగతా 10 x, 3 y గోపివి.

పోటీ సమతౌల్యం కడితే ఒక x ధర 1.5 y అని తేలింది. ఆ ధరకి రమ 3 y ఇచ్చి 2 x తీసుకుంటుంది. చివరికి రమకు 4 x, 6 y. గోపికి 8 x, 6 y. రమ ప్రయోజనం 18 నుంచి 24కి, గోపిది 300 నుంచి 384కి పెరిగింది. ఇద్దరూ బాగుపడ్డారు. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

తర్వాత సరదాగా అన్నీ చెరిసగం పంచి చూశాను. ఇద్దరికీ 6 x, 6 y. ఇక్కడ రమ ఉపాంత ప్రతిస్థాపన రేటు y/x = 1, గోపిది 2y/x = 2. రెండూ సమానం కాలేదు కాబట్టి ఈ పంపకం పారెటో సమర్థం కాదు. కానీ ఇందులో రమ ప్రయోజనం 36! సమర్థమైన మార్కెట్ పంపకంలో ఆమెకు దక్కింది 24 మాత్రమే. సమర్థం కాని చోటు నుంచి సమర్థమైన చోటుకి వెళ్తే రమ నష్టపోవడం ఏమిటి? నేనెక్కడ తప్పుగా ఆలోచిస్తున్నాను?

అరుగుమీద

సింపుల్ అండీ. ఒక్క రమనే చూడకండి, ఇద్దరినీ కలిపి చూడండి. మార్కెట్ పంపకంలో 24 + 384 = 408. చెరిసగంలో 36 + 216 = 252. మొత్తం పెరిగింది, అందుకే అది సమర్థం. రమకు తగ్గినా సమాజానికి పెరిగింది. ఎవరికో ఒకరికి కాస్త తగ్గకుండా మొత్తం పెరగడం ఎప్పుడూ కుదరదు కదా.

రామ్మోహన్

అరుగుమీద గారూ, ఆ కూడిక చెల్లదండి. ఎందుకు చెల్లదో సాత్విక గారి అంకెలతోనే చూద్దాం.

గోపి ప్రయోజనాన్ని x²y అని రాశాం. దాని బదులు దాని ఘనమూలం రాద్దాం. గోపి దేన్ని దేనికన్నా ఎక్కువగా ఇష్టపడతాడో ఆ వరస ఏమీ మారదు. అతని ఉదాసీనతా వక్రరేఖలు ఒక్క వెంట్రుకవాసి కూడా కదలవు. అతను చేసే బేరాలూ అవే. కానీ ఇప్పుడు 384 కాస్తా దాదాపు 7.3 అవుతుంది, 216 కాస్తా 6 అవుతుంది. మళ్ళీ కూడండి. మార్కెట్ పంపకంలో 24 + 7.3 = 31.3. చెరిసగంలో 36 + 6 = 42. మీరు చెప్పిన తీర్పు తలకిందులైంది. మనుషులు మారలేదు, వస్తువులు మారలేదు, మనం కొలిచే అంకెలు మాత్రమే మారాయి. అలా అయితే ఆ కూడిక రమ, గోపిల గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట.

అయితే మీ మాటలో ఒక నిజం ఉంది. ఈ రెండు పంపకాల్లో ఏది మేలో తేల్చాలంటే రమ లాభాన్నీ గోపి నష్టాన్నీ తూచే తక్కెడ ఒకటి కావాలి. పారెటో దగ్గర ఆ తక్కెడ లేదు. ఆయన ప్రమాణం అడిగేది ఒకటే: ఎవరికీ తగ్గకుండా కనీసం ఒకరికైనా పెంచగలమా? ఈ పంపకం నుంచి అలా పెంచే దారి ఎటూ లేకపోతే అది సమర్థం.

సాత్విక గారూ, మీ చిక్కు అంతా ఇక్కడే ఉంది. ‘దీన్ని మించినది లేదు’ అనడం వేరు, ‘ఇది అన్నిటినీ మించింది’ అనడం వేరు. 4 x, 6 y అనే పంపకాన్ని మించినది ఏదీ లేదు, నిజమే. అంతమాత్రాన అది చెరిసగాన్ని మించినట్టు కాదు. ఆ రెండింటి మధ్య రమ ఒకటి కోరుకుంటుంది, గోపి ఇంకొకటి కోరుకుంటాడు. పారెటో ప్రమాణం అక్కడ మౌనంగా ఉంటుంది.

సాత్విక

అంటే చెరిసగాన్ని నిజంగా మించే పంపకం వేరే ఎక్కడో ఉండాలి. లేకపోతే దాన్ని సమర్థం కాదనే హక్కు మనకు లేదు. అంతేనా?

రామ్మోహన్

సరిగ్గా అంతే. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. చెరిసగం దగ్గర ఒక x కోసం గోపి 2 y వరకూ వదులుకోగలడు. రమకు ఒక x బదులు 1 y కన్నా కాస్త ఎక్కువ వస్తే చాలు. కాబట్టి ఒకటికీ రెండుకీ మధ్య ఏ రేటుకి చిన్న బేరం చేసినా ఇద్దరికీ లాభమే.

పోటీ ధర వేసి చూస్తే అది 1.4 y. రమ సుమారు 0.86 x ఇచ్చి 1.2 y తీసుకుంటుంది. ఆమెకు 5.14 x, 7.2 y మిగులుతాయి, ప్రయోజనం 36 నుంచి 37కి చేరుతుంది. గోపిది 216 నుంచి దాదాపు 226కి చేరుతుంది. చెరిసగాన్ని మించింది ఇది. మీరు పోల్చిన 4 x, 6 y వేరే చోట మొదలైన బేరానికి ముగింపు. రమ అక్కడ బలహీనంగా మొదలైంది, ఎందుకంటే ఇద్దరూ కోరే x ఆమె దగ్గర రెండే ఉన్నాయి.

పెట్టె గీసి చూడండి. రమ మూల కింద ఎడమ పక్క, గోపి మూల పైన కుడి పక్క. చెరిసగం బిందువు గుండా ఇద్దరి ఉదాసీనతా రేఖలూ గీస్తే వాటి మధ్య సన్నటి కటకం లాంటి చోటు వస్తుంది. చెరిసగాన్ని మించే పంపకాలన్నీ ఆ కటకంలోనే ఉంటాయి. 4 x, 6 y బిందువు దాని బయట, రమ మూల వైపు పడుతుంది.

సాత్విక

గీశాను సార్, ఇప్పుడు కనిపిస్తోంది. సమర్థమైన పంపకాలన్నీ ఉండే ఒప్పంద రేఖకి సమీకరణం కూడా కట్టాను. రమ రేటు y/x, గోపి రేటు 2(12 − y)/(12 − x). రెండూ సమానం చేస్తే

```
y = 24x / (12 + x)
```

అని వచ్చింది. x = 4 దగ్గర y = 6, x = 6 దగ్గర y = 8. రేఖ రెండు మూలల గుండా పోతూ కర్ణానికి పైన వంగి ఉంది. కానీ దీని ప్రకారం రమకు అసలేమీ లేని మూల కూడా సమర్థమే అవుతుంది. అన్నీ గోపికే! అది నిజంగానే లెక్కలోకి వస్తుందా?

రామ్మోహన్

వస్తుంది. రమకు ఏ కాస్త ఇవ్వాలన్నా గోపి దగ్గర నుంచి తీయాలి, అతనికి తగ్గుతుంది. కాబట్టి పారెటో ప్రకారం అక్కడ వంక పెట్టడానికి ఏమీ లేదు. న్యాయం గురించి ఈ ప్రమాణానికి ఏమీ తెలియదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు. మా క్లాసులో ఈ మూలని బోర్డు మీద గుండ్రంగా చుట్టి మరీ చూపించేవాణ్ణి.

రేఖ కర్ణానికి పైన ఎందుకు వంగిందో కూడా గమనించండి. గోపికి x ఇష్టం కాబట్టి, సమర్థమైన ఏ పంపకంలోనైనా రమ దగ్గర x కన్నా y పాలు ఎక్కువగా ఉంటుంది. మూలలు తప్ప, ఇద్దరికీ రెండు వస్తువులూ ఒకే నిష్పత్తిలో ఉన్న ఏ పంపకమూ ఇక్కడ సమర్థం కాదు. చెరిసగం దెబ్బతిన్నదీ ఇందుకే. ఇద్దరి ఇష్టాలూ ఒకటే అయి ఉంటే అదే చెరిసగం ఒప్పంద రేఖ మీద ఉండేది.

ఇంకొక మాట. రేఖ అంతా సమర్థమే అయినా, 2 x, 9 y దగ్గర మొదలైన రమ ఆ రేఖ మీద ఏ బిందువుకి పడితే ఆ బిందువుకి ఒప్పుకోదు. తనకు 18 కన్నా తగ్గితే ఆమె బేరానికే రాదు. గోపి 300 కన్నా తగ్గితే రాడు. ఆ రెండు షరతులూ పెడితే రమ x సుమారు 3.4 నుంచి 4.55 వరకు ఉన్న ముక్క మాత్రమే మిగులుతుంది. మీ సమతౌల్యం, అంటే x = 4, ఆ ముక్క లోపలే ఉంది.

నీలిరేఖ

నా లెక్క కూడా ఇలాంటిదే, కానీ రేట్లు సమానం చేస్తే నాకు సగం రేఖే వస్తోంది. మొదటి మనిషి ప్రయోజనం x + y. రెండో మనిషిది xy. మొత్తం 12 x, 8 y. మొదటి మనిషి రేటు ఎప్పుడూ 1. రెండో మనిషి రేటు 1 కావాలంటే అతని దగ్గర x, y సమానంగా ఉండాలి. అలా 8 x, 8 y దాకా వెళ్ళాక y అయిపోయింది. అక్కడి నుంచి రేఖ ఎటు పోతుంది? రెండో మనిషికి 10 x, 8 y ఇస్తే రేట్లు సమానం కావడం లేదు, అంటే అది సమర్థం కాదని రాయాలా?

మృదుల

నీలిరేఖ గారూ, రేట్లు సమానం కావాలన్నది ఇద్దరి దగ్గరా రెండు వస్తువులూ ఎంతో కొంత ఉన్నప్పటి షరతు. పెట్టె అంచు మీద అది పని చేయదు. మీరు చెప్పిన బిందువు దగ్గర మొదటి మనిషికి 2 x మిగిలాయి, y సున్నా. రెండో మనిషి రేటు 8/10, అంటే 0.8. అతను ఒక x వదులుకొని ఒక y తీసుకోవడానికి సంతోషంగా సిద్ధం. మొదటి మనిషికి ఆ రేటు సమ్మతమే. కానీ ఇవ్వడానికి ఆమె దగ్గర y లేదు! ఇద్దరికీ లాభమైన దిక్కు పెట్టె బయటికి పోతోంది. కాబట్టి అది సమర్థమే.

మీ ఒప్పంద రేఖ రెండో మనిషి మూల నుంచి 45 డిగ్రీల గీతగా దిగి, మొదటి మనిషికి 4 x, 0 y ఉన్న చోట కింది అంచుని తాకి, అక్కడి నుంచి అంచు వెంటే మొదటి మనిషి మూలకు వెళ్తుంది. రేట్లు వేరుగా కనిపించిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోండి: లాభమిచ్చే బేరంలో ఎవరు ఏది ఇవ్వాలి, అది వాళ్ళ దగ్గర ఉందా? లేకపోతే మీరు అంచు మీద ఉన్నట్టు.

సందీప్ కె

చర్చ అంతా చదివాను. ప్రశ్న ఏమిటంటే ప్రభుత్వం సమానంగా పంచాలా వద్దా అనే కదా. నా అభిప్రాయం, పంచడం గించడం ఎందుకు? రమ దగ్గర x తక్కువ. x ధర 1.5 y అవడం వల్లే ఆమెకు 4 దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. ఒక x కి 1 y కన్నా ఎక్కువ తీసుకోకూడదని రూల్ పెడితే సరి. రమకు x చవగ్గా దొరుకుతుంది, మార్కెట్ అలాగే నడుస్తుంది.

మృదుల

సాత్విక గారి ప్రశ్న అది కాదు గానీ, మీరన్నది లెక్క కట్టి చూడదగ్గదే. కట్టాను.

ధర 1 అయితే రమ 5.5 x కావాలనుకుంటుంది, అంటే 3.5 x కొనాలని వస్తుంది. కానీ గోపి ఆ ధరకి 1.33 x మాత్రమే అమ్ముతాడు. అంతకు మించి అమ్మితే అతనికి నష్టం. కాబట్టి బేరం 1.33 దగ్గరే ఆగిపోతుంది. రమకు 3.33 x, 7.67 y. ప్రయోజనం 25.6. అంటే మామూలు మార్కెట్‌లోని 24 కన్నా ఆమెకు నిజంగానే ఎక్కువ. గోపికి 384 బదులు సుమారు 325.

రమకు మేలు జరిగింది కాబట్టి మీ ఉద్దేశం వట్టిపోలేదు. కానీ ఇప్పుడు రేట్లు చూడండి. ఒక x కోసం రమ ఇంకా 2.3 y ఇవ్వడానికి సిద్ధం. గోపికి 1 y కన్నా కాస్త ఎక్కువ వస్తే చాలు. ఇద్దరికీ లాభమైన బేరం కళ్ళ ముందు ఉంది, రూల్ దాన్ని ఆపింది. ఒప్పంద రేఖ మీద రమకు 4.2 x, 6.22 y ఇచ్చే బిందువు తీసుకుంటే ఆమెకు 26.1, గోపికి 351. ఇద్దరికీ మీ రూల్ కన్నా ఎక్కువే.

సందీప్ కె

బాగుంది, ఆ బిందువు ఉందని ఒప్పుకుంటాను. కానీ అక్కడికి చేరేదెలా? పక్కన కూర్చుని ‘నువ్వు ఇంత ఇవ్వు, నువ్వు ఇంత తీసుకో’ అని ఎవరో ఒకరు చెప్పాలి కదా. అది మార్కెట్ అవుతుందా?

రామ్మోహన్

సందీప్ గారూ, రెండో సంక్షేమ సిద్ధాంతం పుట్టింది సరిగ్గా ఆ ప్రశ్నకే. ఒప్పంద రేఖ మీద మీకు నచ్చిన బిందువుని ఎంచుకోండి. ఉదాసీనతా రేఖలు మూలవైపు మామూలుగా వంగి ఉంటే, అంటే మనుషులు అన్నీ ఒకటే వస్తువు ఉండటం కన్నా రెండిటి కలగలుపుని ఇష్టపడితే, ఆ బిందువుకి తగిన ధర ఒకటి ఉంటుంది. చేయాల్సిందల్లా బేరం మొదలవకముందే ఎవరి చేతిలో ఎంత ఉండాలో మార్చడం. ఆ తర్వాత ధర జోలికి వెళ్ళకూడదు.

కాస్త పెద్ద మార్పుతో చూద్దాం, అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. రమకు 6 x, 8 y దక్కాలని అనుకుందాం. అక్కడ ఇద్దరి రేటూ 4/3, కాబట్టి ఒక x ధర 4/3 y. ఆ ధరలో 6 x, 8 y విలువ 8 + 8 = 16 y. రమ దగ్గర మొదట ఉన్న 2 x, 9 y విలువ సుమారు 11.67 y. లోటు 4.33 y. దీన్ని y రూపంలో బదిలీ చేద్దామంటే గోపి దగ్గర మూడే y లు ఉన్నాయి, చాలవు. x రూపంలో అయితే 3.25 x. ఈ చిన్న విషయాన్ని చాలామంది వదిలేస్తారు. బదిలీ ఎంతో తేలితే సరిపోదు, ఇచ్చేవాడి దగ్గర ఆ వస్తువు ఉండాలి.

గోపి నుంచి 3.25 x రమకు ఇస్తే ఆమెకు 5.25 x, 9 y. ఇక వాళ్ళని వదిలేయండి. ధర 4/3 దగ్గర నిలబడుతుంది. రమ 1 y ఇచ్చి 0.75 x కొంటుంది. 6 x, 8 y. ఎవరూ పక్కన కూర్చుని చెప్పక్కర్లేదు.

గోపికి ఇందులో 144 మిగులుతుంది. మొదటి 300 కన్నా చాలా తక్కువ. బదిలీ అనేది పారెటో మెరుగుదల కాదు, ఆ మాట దాచకూడదు. గోపి నుంచి తీసి రమకు ఇస్తున్నాం. రెండో సిద్ధాంతం చెప్పేది ఒకటే: ఇవ్వాలని నిర్ణయించుకుంటే, దానికోసం లాభమైన బేరాలను పాడుచేయక్కర్లేదు.

అరుగుమీద

రామ్మోహన్ గారూ, కూడిక సంగతి అర్థమైంది. ఇంకో సందేహం. రమ తన బడ్జెట్ చూసుకుంటుంది, గోపి తనది చూసుకుంటాడు. ఇద్దరిలో ఎవరికీ ఒప్పంద రేఖ అనేది ఒకటుందని కూడా తెలియదు. అయినా కచ్చితంగా దాని మీదకే వెళ్ళి పడతారని ఎలా చెప్పగలం? ఇద్దరి రేటూ ధరకి సమానం కాబట్టి అవి రెండూ సమానం అంటారు. అది ఈ లెక్కకి సరే. ఇందాక నీలిరేఖ గారి లెక్కలో అంచు మీద రేట్లు సమానం కాలేదు కదా?

రామ్మోహన్

మంచి చోట పట్టుకున్నారు. రేట్లతో చెప్పే కారణం అంచు దగ్గర తడబడుతుంది. అసలు రుజువుకి రేట్లు అక్కర్లేదు, ఉదాసీనతా రేఖలు గీయనక్కర్లేదు. డబ్బు లెక్క చాలు.

సాత్విక గారి సమతౌల్యమే తీసుకోండి. ధర 1.5. పెట్టెలో ఉన్న మొత్తం సరుకు విలువ 12 × 1.5 + 12 = 30 y. అందులో రమ బడ్జెట్ 12, గోపిది 18. ఇప్పుడు ఎవరైనా వచ్చి ‘ఇద్దరికీ ఇంతకన్నా మేలైన పంపకం నా దగ్గర ఉంది’ అన్నారనుకోండి. అందులో రమ వాటా విలువ 12 లోపు అయ్యే అవకాశం లేదు. అయి ఉంటే ఆమె దాన్ని ముందే కొనుక్కునేది, ఎవరూ ఆపలేదు కదా. కాబట్టి అది 12 కన్నా ఎక్కువ. అలాగే గోపి వాటా 18 కన్నా ఎక్కువ. రెండూ కలిపితే 30 దాటుతుంది. కానీ పంచడానికి ఉన్న సరుకు విలువే 30. కాబట్టి అలాంటి పంపకం లేదు.

ఒకరికి మేలు జరిగి, రెండోవారు ఉన్నచోటే ఉన్నా ఇదే వాదన నిలుస్తుంది. అయితే అక్కడ ఒక చిన్న షరతు కావాలి: చేతిలో ఉన్నదానికి ఏ కాస్త కలిసినా సంతోషించే మనుషులై ఉండాలి. అప్పుడు ఉన్నచోటే ఉంచే వాటా కూడా బడ్జెట్ కన్నా తక్కువ ఖరీదులో దొరకదు. చూడండి, ఎక్కడా రేఖల వంపు గురించి మాట్లాడలేదు. పోటీ సమతౌల్యం సమర్థమే అని చెప్పే మొదటి సంక్షేమ సిద్ధాంతానికి ఆ షరతు అక్కర్లేదు. రెండోదానికే కావాలి. కెన్నెత్ యారో, జెరార్డ్ డెబ్రూ 1951లో విడివిడిగా ఈ సిద్ధాంతాలను ఇలాంటి సాధారణ రూపంలోకి తెచ్చారు.

మృదుల

ఈ రుజువులో నాకు నచ్చేది ఏమిటంటే, ఎక్కడ విరుగుతుందో దానిలోనే రాసి ఉంటుంది. ‘అయి ఉంటే ముందే కొనుక్కునేది’ అన్న వాక్యం చూడండి. రమ దగ్గర x ఎక్కువగా ఉండటమే గోపికి చిరాకు అనుకుందాం. అప్పుడు గోపికి మేలైన పంపకంలో అతని సొంత వాటా మారకుండా రమ వాటా మారొచ్చు. దాన్ని అతను ఏ బడ్జెట్‌తో కొంటాడు? అమ్మేవాళ్ళే లేరు. రుజువు అక్కడే ఆగిపోతుంది.

ఇంకోటి, నన్ను ఎప్పటినుంచో వేధించేది. ఇద్దరే ఉన్నారు. గోపి దగ్గర 10 x ఉన్నాయి. 1.5 ధర తన చేతిలో లేదని అతను ఎందుకు అనుకోవాలి? ధర అతనే ప్రకటించి, రమ ఎంత కొంటుందో చూసుకుని తనకి అత్యధికం వచ్చేలా పెడితే అది సుమారు 2.28 దగ్గర ఆగుతుంది. రమ ఒక x కన్నా తక్కువే కొంటుంది. గోపికి 425, రమకు 20. గోపి రేటు మాత్రం 1.16 దగ్గరే ఉంటుంది, కాబట్టి ఒప్పంద రేఖకు చేరరు. పెట్టెలో ఇద్దరినే పెట్టి, ఇద్దరూ ధరను తలవంచి ఒప్పుకుంటారని చెప్పడం నాకు ఎప్పుడూ అతకలేదు.

రామ్మోహన్

మృదుల గారి అభ్యంతరం న్యాయమైనదే, పాతది కూడా. ఎడ్జ్‌వర్త్ 1881లో ఒప్పంద రేఖ ఆలోచన తెచ్చినప్పుడే ఇద్దరి బేరం ఎక్కడ ముగుస్తుందో ముందుగా చెప్పలేమన్నాడు. మన లెక్కలో 3.4కీ 4.55కీ మధ్య ఎక్కడైనా ముగియవచ్చు. మనుషుల సంఖ్య పెరిగితే ఆ ముక్క కుంచించుకుపోతుందని కూడా ఆయన వాదించాడు. రమ లాంటివాళ్ళు ఇద్దరు, గోపి లాంటివాళ్ళు ఇద్దరు ఉంటే, ఒక గోపి ఎక్కువ లాగాలని చూసినప్పుడు రమలు ఇద్దరూ రెండో గోపితో జట్టు కట్టగలరు. జంటలు పెరిగేకొద్దీ అలాంటి జట్లు పెరుగుతాయి, చివరికి పోటీ సమతౌల్యం, ఇక్కడ x = 4, ఒక్కటే నిలుస్తుంది. డెబ్రూ, హెర్బర్ట్ స్కార్ఫ్ 1963లో దీన్ని చాలా సాధారణమైన రూపంలో నిరూపించారు. పెట్టెలోని ఇద్దరిని అలాంటి రెండు పెద్ద గుంపుల ప్రతినిధులుగా చూడమని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి.

సందీప్ కె

బదిలీ దగ్గరికే మళ్ళీ వస్తాను. 3.25 x అని కచ్చితంగా చెప్పగలిగారంటే మీకు ఇద్దరి ప్రయోజన ఫంక్షన్లూ తెలుసు కాబట్టి. బయట ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? ధర మీద రూల్ పెట్టడానికి కనీసం అది అక్కర్లేదు.

రామ్మోహన్

తెలియకపోతే గురి తప్పుతుంది, నిజమే. కానీ ఎంత తప్పుతుందో చూడండి. 3.25 బదులు 3 x బదిలీ చేశారనుకుందాం. ధర సుమారు 1.34 అవుతుంది, రమ 5.85 x, 7.86 y దగ్గర ఆగుతుంది. అనుకున్న బిందువు కాదు, కానీ ఇదీ ఒప్పంద రేఖ మీదే ఉంది. బదిలీలో పొరపాటు మిమ్మల్ని రేఖ వెంట పక్కకు జరుపుతుంది, రేఖ నుంచి బయటకు నెట్టదు. ధర రూల్ అలా కాదు, మృదుల గారు చూపించినట్టు రేఖ నుంచే దించేస్తుంది.

మృదుల

సార్, బదిలీ ఎంత ఉండాలన్నది వాళ్ళు చేసే పనిని బట్టి మారనంతవరకే ఆ మాట నిలుస్తుంది. ఆ 10 x ఆకాశం నుంచి ఊడిపడలేదు, గోపి పనిచేసి తయారు చేశాడనుకుందాం. ఎక్కువ x ఉన్నవాడి దగ్గర తీస్తారని ముందే తెలిస్తే అతను 10 కాకుండా 7 తయారు చేస్తాడు, లేదా కొన్ని దాస్తాడు. అప్పుడు పెట్టె వెడల్పే 12 నుంచి తగ్గిపోతుంది. మీరు మిగిలిన పెట్టెలో ఒప్పంద రేఖ మీదే ఉంటారు, కానీ అది చిన్న పెట్టె. మనిషి ఏం చేసినా మారని బదిలీ కావాలంటే, అతను మార్చుకోలేని లక్షణాన్ని చూసి వేయాలి. అలాంటి లక్షణాలను మాత్రమే చూసి ఎవరి దగ్గర ఎంత ఉందో కచ్చితంగా చెప్పలేం. అందుకే రెండో సిద్ధాంతం మీద నాకు మీకున్నంత భరోసా లేదు.

రామ్మోహన్

ఆ ఇబ్బందిని నేను కాదనను. కానీ ధర రూల్ పెట్టినా గోపి తక్కువే తయారు చేస్తాడు, పైగా బేరాలూ ఆగుతాయి. రెంటిలో ఏది ఎంత నష్టమో సిద్ధాంతం చెప్పదు, ఆ పని స్పందన ఎంతుందో కొలిచి చూసి చేయాలి. ఈ విషయంలో మనిద్దరం ఏకాభిప్రాయానికి వస్తామని అనుకోను.

సాత్విక

అందరికీ ధన్యవాదాలు. మీరు మాట్లాడుకుంటుండగా ఇంకొకటి లెక్క కట్టాను. చెరిసగం నుంచి మొదలై 1.4 ధరకి చేరిన పంపకంలో రమకు 5.14 x, 7.2 y, గోపికి 6.86 x, 4.8 y. రమకు గోపి వాటా ఇస్తే ఆమె ప్రయోజనం 33, తన వాటాతో 37. గోపికి రమ వాటా ఇస్తే 190, తన వాటాతో 226. ఇద్దరిలో ఎవరికీ ఎదుటివాళ్ళ వాటా మీద కన్ను లేదు. అదే నా మొదటి సమతౌల్యంలో చూస్తే, గోపి 8 x, 6 y రమకు దక్కితే ఆమెకు 48, తన చేతిలో ఉన్నది 24. ఇద్దరి బడ్జెట్ సమానంగా ఉన్నప్పుడు ఒకరు కొన్నది రెండోవారూ కొనగలరు కాబట్టి ఎప్పుడూ ఇలాగే అవుతుందనిపిస్తోంది. సరేనా?

మృదుల

సరే. ఇద్దరే కాదు, ఎంతమంది ఉన్నా సరే. సమర్థంగానూ ఉంటుంది, ఎవరికీ అసూయ ఉండదు. ఇక మిగిలేది మనం వాదించుకున్నదే: 2 x, 9 y దగ్గర ఉన్న రమను, 10 x ఉన్న గోపిని చెరిసగం దాకా ఎవరు, ఏ ఆధారంతో తెస్తారు? ఆ 10 x గోపి కష్టపడి చేసినవైతే అతని వాటాను అసూయపడని వాటా అంటే చాలదు, అతని పనిని కూడా లెక్కలో పెట్టాలి. రెండు వస్తువుల బదులు మూడోదిగా విశ్రాంతి సమయాన్ని పెట్టి మీ లెక్క మళ్ళీ కట్టి చూడండి. ఇద్దరి పనితనం వేరువేరుగా ఉంటే, సమర్థంగా ఉంటూ అసూయ లేని పంపకం కొన్నిసార్లు అసలు దొరకదు.